నిప్పు కంటే ముందే నీరు

వేంపల్లె చుట్టుపక్కల ఏ పొలంలోనూ బాస్మతి పండదు. పులివెందుల దారి పట్టుకుని పోతే చీనీ తోటలు, అరటి తోటలు, బోర్ల కింద వేరుశనగ కనిపిస్తాయి. నీటి వసతి ఉన్న చోట్ల వరి మడులూ ఉంటాయి కానీ వాటిలో పెరిగేది సోనా జాతి సన్నబియ్యమే. బాస్మతి అన్న పేరుకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని ప్రకారం పంజాబ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, ఢిల్లీ, పశ్చిమ ఉత్తరప్రదేశ్, జమ్మూ ప్రాంతాల్లో పండినదానికే ఆ పేరు చెల్లుతుంది. గింజ పాలు పోసుకునే వేళ అక్కడి రాత్రులు చల్లబడతాయి. ఆ చల్లదనం గింజ వాసనకు అవసరం. కడప జిల్లా ఎండల్లో అది దొరకదు.

అయినా పెళ్లిళ్ల కాలం వస్తే వేంపల్లె కిరాణా కొట్లలో బాస్మతి సంచులు దిగుతాయి. నికాహ్ విందుకు బిర్యానీ, గృహప్రవేశానికి పులావ్, ఆదివారం ఇంట్లో కుష్కా. ఒకప్పుడు జొన్నసంగటి, కొర్రన్నం, రాగిముద్ద తిని, వరిబువ్వను పండగ తిండిగా చూసిన సీమలో ఇప్పుడు సోనా రోజువారీ అన్నమైంది. పండగ స్థానంలోకి బాస్మతి వచ్చి కూర్చుంది.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. సోనా బియ్యం వండీ వండీ అలవాటైన చెయ్యి బాస్మతినీ అలాగే వండుతుంది. బియ్యం కడిగి, ఒకటికి రెండు, రెండున్నర చొప్పున ఎసరు పెట్టి, నీళ్లు మరిగాక బియ్యం పోసేస్తుంది. మూత తీసి చూస్తే మెతుకు బయట చిమిడిపోయి ఉంటుంది, కొరికితే నడుమ పలుకు తగులుతుంది. గింజ కొనలు చీలి విచ్చుకుంటాయి. సంచి మీద బొమ్మలో ఉన్నంత పొడుగు ఎక్కడా కనబడదు. నింద కొట్టువాడి మీద పడుతుంది: 'కల్తీ బియ్యం ఇచ్చినాడు!' నిజంగా కల్తీ అయిన సందర్భాలూ లేకపోలేదు. కానీ చాలాసార్లు తప్పు సంచిలో ఉండదు, పొయ్యి ఎక్కించక ముందు వదిలేసిన అరగంటలో ఉంటుంది.

అదే వీధిలో పెళ్లి డేగిసాల దగ్గర నిలబడ్డ వంటమాస్టరు ఏం చేస్తాడో చూడాలి. బియ్యాన్ని పెద్ద గంగాళంలో మూడు నాలుగు నీళ్లు కడిగి, మునిగేలా నీళ్లు పోసి, పక్కన పెట్టి మసాలా పని చూసుకుంటాడు. కొంతసేపటికి వచ్చి ఒక గింజ తీసి బొటనవేలి గోటితో నొక్కుతాడు. పుటుక్కున రెండు ముక్కలైతే 'వచ్చింది' అంటాడు. ఆయన చేతిలో గడియారం లేదు, ఆ గింజే గడియారం. ఆ మధ్యలో గింజ లోపల ఏం జరిగిందన్నదే ఈ అధ్యాయం.

బియ్యపు గింజ అంటే ప్రధానంగా పిండిపదార్థం. ఎండిన బియ్యంలో వందకు సుమారు 12 వంతులే నీరు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం అతి సన్నని పిండిరేణువులు, కణాల గోడల మధ్య గట్టిగా కూరి ఉంటాయి. అన్నం ఉడకడమంటే ఈ రేణువులు నీరు తాగి, ఉబ్బి, లోపలి గట్టి అమరిక చెదిరి జిగురుగా మెత్తబడటమే. దీనికి వేడి కావాలి, నీరు కావాలి. రెండూ ఒకేసారి, ఒకేచోట ఉండాలి. బాస్మతి రకాల్లో 70 డిగ్రీల అటూ ఇటూగా ఈ మార్పు జరుగుతుంది. అంతకన్నా ఎక్కువ వేడి ఉన్నా నీరు చేరకపోతే రేణువు కదలదు. నీరుండీ వేడి చాలకపోయినా అంతే.

ఈ రెండింటిలో ఒకటి పరుగెడుతుంది, ఒకటి నడుస్తుంది. గింజ మందం 2 మిల్లీమీటర్ల లోపే. మరిగే నీళ్లలో పడ్డ గింజ నడిబొడ్డుకు వేడి చేరడానికి కొన్ని సెకన్లు చాలు. నీరు అలా పోలేదు. పిండిరేణువుల మధ్య ఇరుకు సందుల్లోంచి, కణాల గోడలు దాటుకుంటూ, మెల్లగా ఇంకాలి. పొడి గింజ అయితే మరిగే నీళ్లలో కూడా నడుమ దాకా తడవడానికి పది, పన్నెండు నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువే పడుతుంది.

పొడి బాస్మతిని నేరుగా మరిగే ఎసట్లో వేస్తే జరిగేదేమిటో ఇప్పుడు ఊహించడం తేలిక. పైపొరకు నీరూ వేడీ వెంటనే దొరుకుతాయి కాబట్టి అది మొదటి నిమిషాల్లోనే జిగురుగా మారుతుంది. నడుమ భాగానికి వేడి చేరింది కానీ నీరు చేరలేదు, కాబట్టి అది రాయిలాగే ఉంటుంది. లోపలికి నీరు ఇంకేదాకా ఉడికిస్తూ పోతే, ముందే ఉడికిన పైపొర మరీ ఉడికి, అందులోని పిండి కరిగి ఎసట్లోకి వచ్చేస్తుంది. ఆ పిండే మెతుకుల్ని ఒకదానికొకటి అంటిస్తుంది. లోపలి భాగం చివరికి ఉబ్బేసరికి పైపొర నిలదొక్కుకునే స్థితిలో ఉండదు, చీలుతుంది. అందుకే ఒకే మెతుకులో చిమడటమూ పలుకూ రెండూ కలిసి కనిపిస్తాయి.

నానబెట్టడం ఈ పందెంలో నడిచేవాడికి ముందుగా దారి ఇవ్వడం. చల్లని నీళ్లలో పిండిరేణువులు ఉడకవు, కొంచెం నీరు మాత్రం పీల్చుకుంటాయి. అరగంటలో గింజలోని తేమ 12 శాతం నుంచి దాదాపు 30 శాతానికి చేరుతుంది. ఆ తరువాత ఎంతసేపు ఉంచినా పెద్దగా పెరగదు. మామూలు వేడిలో గింజకు ఆకలి అంతే. ఇప్పుడు దాన్ని మరిగే నీళ్లలో వేస్తే నడుమ భాగంలో అప్పటికే నీరుంది, వేడి చేరిన క్షణాన ఉడకడం మొదలవుతుంది. పైపొరకూ లోపలికీ తేడా బాగా తగ్గుతుంది. పొడి గింజకు పది పన్నెండు నిమిషాలు పట్టే చోట నానిన గింజకు ఆరేడు నిమిషాలు చాలు. పైపొర మరిగే నీళ్లలో గడిపిన సమయం తగ్గింది కాబట్టి ఎసట్లోకి కరిగిపోయే పిండీ తగ్గింది. అన్నం పొడిపొడిగా ఉండటానికి అసలు కారణం ఇదే. నానితే మెత్తబడి ముద్దవుతుందేమోనని చాలామంది భయపడతారు. జరిగేది దానికి విరుద్ధం.

గింజ నానిందో లేదో కంటితో కూడా చెప్పొచ్చు. పొడి బాస్మతి గింజ కొంత గాజులా, వెలుతురు దూరేట్టు ఉంటుంది. నానేకొద్దీ సుద్దలాగా తెల్లబడుతుంది. నడుమ ఇంకా గాజుతనం మిగిలి, అంచులు మాత్రం తెల్లబడితే సగమే నానిందన్నమాట. మొత్తం తెల్లబడి, గోటికి సునాయాసంగా విరిగితే చాలు. ఎండాకాలంలో వేంపల్లె తొట్టినీళ్లు మధ్యాహ్నానికి బాగా వేడెక్కి ఉంటాయి. వేడి పెరిగితే నీరు ఇంకే వేగమూ పెరుగుతుంది. కనుక మే నెలలో ఇరవై నిమిషాలకే సిద్ధమయ్యే బియ్యం జనవరి పొద్దున అరగంట దాటినా ఇంకా అడగొచ్చు. పుస్తకంలో రాసిన నిమిషాల కంటే వంటమాస్టరు గోరు నమ్మదగింది.

పొడుగు సంగతి చూద్దాం. బాస్మతి కొనేవారికి వాసన తరువాత కావలసింది అదే.

పొడి గింజకు నీరు తగిలితే తడిసిన పైభాగం ఉబ్బుతుంది, తడవని లోపలి భాగం ఉబ్బదు. ఈ లాగులాటలో గింజకు అడ్డంగా సన్నని చీలికలు పుడతాయి. మైసూరు ఆహార పరిశోధన సంస్థలో పనిచేసిన దేశికాచార్, సుబ్రహ్మణ్యన్ 1961లో, తడిసినప్పుడు బియ్యంలో ఏర్పడే ఈ చీలికలు వంటపై చూపే ప్రభావం గురించే ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తరువాతి కాలంలో ఎంఆర్ఐ యంత్రంతో నానుతున్న గింజల్ని చూసిన శాస్త్రజ్ఞులకు నీరు అన్ని వైపుల నుంచీ సమానంగా కాక, ఈ చీలికల వెంట లోపలికి దూరడం కనిపించింది. చీలిక అంటే లోపమనిపిస్తుంది. ఇక్కడ అది నీటికి కాలువ.

ఉడికేటప్పుడు ప్రతి బియ్యమూ ఉబ్బుతుంది. ఏ దిక్కుకు ఉబ్బుతుందన్నదే తేడా. మామూలు రకాలు పొడుగుతోపాటు అడ్డంగానూ బాగా లావెక్కుతాయి. బాస్మతిలో లావు పెద్దగా పెరగదు, ఉబ్బు చాలావరకు పొడుగు వైపు పోతుంది. అడ్డచీలికల మధ్యనున్న భాగాలు హార్మోనియం తిత్తిలా ఒకదాని నుంచి ఒకటి దూరం జరుగుతాయి. బాగా ఉడికిన బాస్మతి మెతుకును వెలుతురుకు పట్టి చూస్తే ఒంటి మీద సన్నని ఉంగరాల్లాంటి గీతలు కనిపించేది అందుకే. ఈ గుణం గింజ పుట్టుకలోనే ఉంది. కణాల అమరిక, పిండిలోని అమైలోజ్ పాలు, జన్యువులు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. నానబెట్టడం ఆ గుణాన్ని పుట్టించలేదు. గింజలో ఉన్న సాగే శక్తి చిట్లిపోకుండా బయటికి రానిస్తుంది, అంతే. సోనాను రాత్రంతా నానబెట్టినా అది బాస్మతి కాదు. చిట్టిముత్యాలతో పులావ్ చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. వాళ్లూ కాసేపు నానబెడతారు, కానీ అన్నం సమంగా ఉడకడం కోసమే, పొడుగు కోసం కాదు.

ఈ సంబంధం శాస్త్రజ్ఞులకు ఎంత గట్టిగా తెలుసంటే, పొడుగు కొలిచే పరీక్షలోనే నానబెట్టడాన్ని ఒక మెట్టుగా పెట్టుకున్నారు. పశ్చిమ పాకిస్తాన్ వ్యవసాయ శాఖ తరఫున అజీజ్, షఫీ అనే ఇద్దరు 1966లో ఈ పద్ధతిని ప్రచురించారు. విరగని గింజలు 25 తీసుకుంటారు. 20 మిల్లీలీటర్ల నీళ్లలో 30 నిమిషాలు నానబెడతారు. 98 డిగ్రీల నీటితొట్టిలో 10 నిమిషాలు ఉడికిస్తారు. తీసి వడకట్టే కాగితం మీద పరిచి పది గింజల పొడుగు కొలుస్తారు. ఉడికిన పొడుగును పొడి పొడుగుతో భాగిస్తే వచ్చేది సాగుడు నిష్పత్తి. బాస్మతి రకాలకు గింజ పొడుగు వండకముందు కనీసం 6.61 మిల్లీమీటర్లు, సాగుడు నిష్పత్తి కనీసం 1.7 ఉండాలన్నది స్థిరపడిన కొలత.

ఇలాంటి కొలతలు తీసే పెద్ద చోటు తెలుగు నేల మీదే ఉంది. దేశమంతటి వరి పరిశోధనను సమన్వయం చేసే పథకం 1965లో హైదరాబాదు రాజేంద్రనగర్ కేంద్రంగా మొదలైంది. ఇప్పుడు దాన్ని భారత వరి పరిశోధన సంస్థ అంటున్నాం. పండేది ఉత్తరాదినే అయినా కొత్త బాస్మతి రకాలు ఈ సమన్వయ పథకం పరీక్షలు దాటుకునే విడుదలవుతాయి. కంకి ఎన్ని గింజలు వేసిందన్నదొక్కటే చూడరు, ఆ గింజ ఎంత నీరు తాగుతుంది, ఎంత సాగుతుంది అన్నవీ చూస్తారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 2003లో విడుదల చేసిన పూసా 1121 ఈ కొలతల్ని ఒక్కసారిగా పైకి లేపింది. పొడి గింజే 8 మిల్లీమీటర్లు దాటుతుంది, ఉడికితే 20 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. నేడు కడప జిల్లా విందుల్లో వేలి కణుపును మించి కనిపించే మెతుకుల్లో చాలావరకు దాని సంతతే. వాసనలో మాత్రం అది పాత బాస్మతి 370ని మించలేదని రుచి తెలిసినవాళ్లు అంటారు. పొడుగును చూసి మురిసేవాళ్లు ముక్కును కూడా అడగాలి.

గింజ వయసు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మర పట్టించిన కొత్తలో బాస్మతి జిగటగా ఉంటుంది. ఏడాది నిల్వ ఉంచితే లోపలి మాంసకృత్తులు, కణాల గోడలు బిరుసెక్కి పిండిని పట్టి ఉంచుతాయి. అందువల్ల పాత బియ్యం ఎక్కువ నీరు తాగుతుంది, ఎక్కువ సాగుతుంది, తక్కువ కరుగుతుంది. మన పెద్దవాళ్లు సోనాకు చెప్పే పాతబియ్యం సూత్రం బాస్మతికి ఇంకా బలంగా వర్తిస్తుంది.

అందరినీ తికమక పెట్టేది నీళ్ల కొలత. ఒకటికి ఒకటిన్నర అని ఒకరు, రెండని ఇంకొకరు, ఒకటింబావు అని మరొకరు చెబుతారు. ముగ్గురూ తమ వంటింట్లో నిజమే చెబుతున్నారు. లెక్క విడగొడితే ఎవరి మాట ఎక్కడ నిజమో తెలుస్తుంది.

వేంపల్లెలో ఒక ఇల్లాలు అయిదారుగురికి అరకిలో బాస్మతితో పులావ్ పెడుతోందనుకుందాం. 200 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసుతో అది సుమారు మూడు గ్లాసులు. అరకిలో బియ్యం పొడిపొడిగా ఉడికితే దాదాపు ఒక కిలో 300 గ్రాముల అన్నమవుతుంది. అంటే గింజలు తాగేది 800 గ్రాముల నీరు, కొలతలో నాలుగు గ్లాసులు. ఇది బియ్యం వంతు. దీనికి తోడు పొయ్యి వంతు ఒకటుంది, ఆవిరై పోయేది. మామూలు గిన్నెలో, మూత సగం తెరిచి, నానని బియ్యం వండితే ఇంకో గ్లాసుంబావు ఆవిరవుతుంది. మొత్తం అయిదుంబావు గ్లాసులు. మూడు గ్లాసుల బియ్యానికి అంటే ఒకటికి ఒకటిముప్పావు. 'రెండు పోయాలి' అన్న మాట పుట్టింది ఇక్కడే.

అదే బియ్యం అరగంట నానిందనుకోండి. 12 శాతం తేమ 30కి చేరిందంటే అరకిలో గింజలు 130 గ్రాముల దాకా నీరు ముందే తాగేశాయి. వడగట్టినా గింజల ఒంటికి అంటుకుని మరో 50 గ్రాములు వస్తుంది. మొత్తం 180, దాదాపు ఒక గ్లాసు. పొయ్యి మీద గడిపే సమయం తగ్గింది కాబట్టి ఆవిరి కూడా గ్లాసు లోపే. కనుక ఇప్పుడు పోయాల్సింది నాలుగు గ్లాసులు, కొంచెం మెత్తగా కావాలంటే నాలుగున్నర. ఒకటికి ఒకటిమూడోవంతు నుంచి ఒకటిన్నర. ఇదే బియ్యాన్ని ప్రెషర్ కుక్కర్లో పెడితే ఆవిరి పోయేది చాలా తక్కువ, మూడున్నర నుంచి మూడుముప్పావు గ్లాసులు చాలు. ఒకటింబావు అన్నవారి వంటింట్లో ఉన్నది కుక్కరన్నమాట.

చాలా ఇళ్లలో జరిగేది ఈ రెండు లెక్కల్ని కలిపేయడం. బియ్యం నానబెడతారు, పాత అలవాటుగా ఒకటికి రెండే పోస్తారు. మూడు గ్లాసులకు ఆరు. అంటే గ్లాసున్నర, రెండు గ్లాసులు ఎక్కువ. ఆ నీరు పోవడానికి చోటు లేదు, గింజలోకే పోతుంది. మెతుకు మొదట పొడుగ్గానే వస్తుంది, ఆ తరువాత లావెక్కి, కొనలు విచ్చుకుని, గరిటె తగిలితే విరుగుతుంది. వాళ్లు మరుసటిసారి 'నానబెడితే ముద్దవుతోంది' అని నానబెట్టడం మానేస్తారు. మానాల్సింది నానబెట్టడం కాదు, ఆ గ్లాసున్నర.

కుష్కాలో వేసే టమాటా రసం, పెరుగు, కొబ్బరిపాలు కూడా నీళ్లే. రెండు గ్లాసుల కొబ్బరిపాలు పోస్తే ఎసరు అంతకు దగ్గరగా తగ్గాలి. దీన్ని మరచిపోవడమే కొబ్బరన్నం తరచూ ముద్దకట్టడానికి కారణం.

బియ్యం వంతు, పొయ్యి వంతు వేరువేరని గుర్తిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అరకిలోకి సరిపోయిన నిష్పత్తి అయిదు కిలోలకు సరిపోదు. బియ్యం తాగే నీరు పది రెట్లు పెరుగుతుంది, ఆవిరి పది రెట్లు పెరగదు. అది డేగిసా నోటి వెడల్పును, మూతను, మంటను, సమయాన్ని బట్టి పోతుంది. ఇంటి లెక్కను పదితో గుణించి పోసిన వంటవాడికి అడుగున గంజి మిగులుతుంది. అందుకే పెళ్లి వంటల్లో అత్తెసరు జోలికి చాలామంది పోరు. బియ్యానికి అయిదారు రెట్లు నీళ్లు మరిగించి, ఉప్పు, షాజీరా వేసి, నానిన బియ్యం పోసి, అయిదారు నిమిషాలకు జల్లిగంటెతో దేవి మాంసం మీద పొరలుగా వేస్తారు. ఎక్కువ నీళ్లలో ఉడికినప్పుడు నిష్పత్తి సమస్యే లేదు, కరిగిన పిండి కూడా గంజితోపాటు వెనక్కి పోతుంది. కొలవాల్సింది పలుకు ఒక్కటే. దేవే సమయానికి మెతుకు వేళ్ల మధ్య నలగాలి, నడుమ సన్నని తెల్లని చుక్క మిగలాలి. దమ్ములో మాంసం, పెరుగు వదిలే ఆవిరితో ఆ చుక్క పోతుంది. నానని బియ్యాన్ని ఇలా దేవితే చుక్క కాదు, గట్టి పుల్లే మిగులుతుంది. దమ్ములో దొరికే కొద్దిపాటి నీరు దాన్ని ఉడికించలేదు.

నానబెట్టడంలోనూ చెడగొట్టే దారులున్నాయి. మొదటిది అతి. మునుపు చెప్పినట్టు అరగంట, ముప్పావుగంట దాటాక గింజ కొత్తగా తాగేది స్వల్పం. చీలికలు మాత్రం పెరుగుతాయి. రెండు మూడు గంటలు నీళ్లలో వదిలేసిన బాస్మతి ఎసట్లో పడగానే ముక్కలై నూకల్లా తేలుతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువసేపు ఉంచితే పులిసిన వాసన కూడా వస్తుంది. రెండోది చెయ్యి. కడగడమంతా నానబెట్టక ముందే, గింజ గట్టిగా ఉన్నప్పుడే, వేళ్లతో తిప్పుతూ అయిపోవాలి. నానాక పిసికితే చీలికల దగ్గర విరుగుతుంది. వడగట్టేటప్పుడు జల్లెడలోకి మెల్లగా ఒంపాలి. మూడోది వడగట్టి మరచిపోవడం. పది నిమిషాలు ఆరితే మంచిదే, ఫ్యాను కింద గంటసేపు ఉంచితే పైపొర ఎండి ముడుచుకుని మళ్లీ చిట్లుతుంది.

ఈ నియమాలు తెల్లని పచ్చి బాస్మతికే. క్యాటరింగ్ వాళ్లు ఎక్కువగా వాడే సేలా రకం వేరు. అది మన ఉప్పుడు బియ్యంలా, వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి మర పట్టించినది. పొట్టులో ఉండగానే పిండి ఒకసారి ఉడికి గట్టిపడింది కాబట్టి పాత చీలికలు పూడిపోయి, గింజ పసుపు గాజులా ఉంటుంది. నీరు దూరే కాలువలు లేవు. అరగంట దానికి చాలదు, గంట నుంచి రెండు గంటలు కావాలి. ఎసట్లోనూ ఎక్కువసేపు ఉంచాలి. విరగదు, చిమడదు, వందల మందికి వండినా నిలబడుతుంది. అందుకే దాన్ని ఎంచుకుంటారు. వాసన, మెత్తదనం మాత్రం కొంత వదులుకోవాల్సిందే. రెండు రకాల్ని ఒకే గంగాళంలో కలిపి నానబెడితే ఒకటి పలుకు, ఒకటి ముద్ద.

వేంపల్లెకు మాత్రమే సొంతమైన ఒక సంగతి మిగిలింది, అది నీళ్లది. భూగర్భ శాస్త్రజ్ఞులకు ఈ ఊరి పేరు ఒక రాతిపొరగా పరిచయం. కడప రాతి శ్రేణిలో పాపాఘ్ని వర్గానికి చెందిన వేంపల్లె పొర అంటే ముఖ్యంగా డోలమైటు, సున్నపురాయి జాతి. దగ్గర్లోని తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నదీ ఈ పొరలోనే. డోలమైటులో ఉండేవి కాల్షియం, మెగ్నీషియం. అలాంటి రాతిలోంచి ఊరిన బోరునీటిలో ఆ రెండూ బైకార్బొనేట్లుగా కరిగి ఉంటాయి. గిన్నె అడుగున తెల్లని పొర కట్టేది అందుకే, పప్పు తొందరగా ఉడకనిదీ అందుకే. అలాంటి నీటిని మరిగిస్తే అందులోని క్షారగుణం పెరుగుతుంది. క్షారం తగిలితే బియ్యంలోని సహజ వర్ణకాలు పసుపు తిరుగుతాయి. ఎంత మంచి బాస్మతి అయినా బోరునీళ్లలో వండితే పాలతెలుపు రాకపోవడానికి ఇది ఒక కారణం. మరిగే ఎసట్లో అరచెక్క నిమ్మరసం పిండే అలవాటు వంటమాస్టర్లకు రుచి కోసమే వచ్చిందో, చూసి నేర్చుకున్నదో కానీ, రసాయనం పరంగా సరైనదే. ఆ పులుపు క్షారాన్ని చంపి తెలుపును నిలుపుతుంది. నానబెట్టే నీటికి మాత్రం క్యాన్ నీళ్లు వాడితే మేలు. గింజ లోపలికి పోయి అక్కడే ఉండిపోయేది ఆ నీరే, గంజితో వార్చినా బయటికి రాదు.

ఇదంతా నమ్మాల్సిన పని లేకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకే సంచిలోంచి విరగని గింజలు ఇరవై ఏరాలి. పది గింజల్ని స్కేలు పక్కన కొనకు కొన తగిలేలా వరుసగా పేర్చి మొత్తం పొడుగు రాసుకోవాలి. మిగతా పదింటికీ అలాగే చేయాలి. మొదటి పదింటిని అరగంట నానబెట్టి, రెండో పదింటిని పొడిగా ఉంచి, రెండు చిన్న గిన్నెల్లో మరుగుతున్న నీళ్లలో వేయాలి. నానిన వాటిని ఏడెనిమిది నిమిషాలకు, నానని వాటిని నడుమ పలుకు పోయినప్పుడు తీయాలి. చల్లారాక గుడ్డ మీద ఆరబెట్టి మళ్లీ వరుసగా పేర్చాలి. చిట్లినవెన్ని, కొనలు విచ్చినవెన్ని, వరుస ఎంత పెరిగింది అన్నవి రెండు గిన్నెలకూ పోల్చి చూడాలి. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2023 ఆగస్టు 1 నుంచి బాస్మతికి అమలుచేస్తున్న ప్రమాణాల్లోనూ గింజ పొడుగు, వండాక సాగుడు ఉన్నాయి. కనుక నానిన వరుస మొదటి పొడుగుకు 1.7 రెట్ల దగ్గరికైనా రాకపోతే తప్పు నానబెట్టడంలో లేదు, ఆ సంచిని కొట్టువాడి ముందు పెట్టి అడగాల్సిందే.